కేవైసీ గడువు దాటి ఖాతా ఆగింది.. ఈఎంఐ కోసం యాప్‌ అప్పు వద్దు

ప్రశ్న: నా జీతం ఖాతా 2014లో విజయవాడలో తెరిచాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. కేవైసీ గడువు అయిపోయిందని బ్యాంకు ఖాతా ఆపేసింది. 1న రావాల్సిన జీతం పడలేదు, యూపీఐ కూడా పోవడం లేదు. 5న ఇంటి రుణం ఈఎంఐ రూ.18,400 కట్టాలి. అదే బ్యాంకులో లక్షన్నర ఎఫ్‌డీ ఉంది కానీ అక్కరకు రావడం లేదు. నా భార్యకు వేరే బ్యాంకు ఖాతాలో రూ.25 వేలు ఉన్నాయి. లోన్‌ యాప్‌లో 40 వేలు తీసుకుని, జీతం రాగానే కట్టేయవచ్చా?

జవాబు: యాప్‌ అప్పు జోలికి వెళ్లకండి. వడ్డీ సంగతి తర్వాత, అసలు ఆ డబ్బు మీకు చేరే దారే లేదు. రుణం మొత్తాన్ని అప్పు తీసుకున్న వ్యక్తి ఖాతాలోనే వేయాలన్నది ఆర్‌బీఐ నిబంధన. మీ ఖాతాలోకి జీతమే రానప్పుడు అప్పు ఎలా వస్తుంది? 'ఫర్వాలేదు, స్నేహితుడి ఖాతా ఇవ్వండి' అనే యాప్‌ దొరికిందంటే, అది నిబంధనలు పట్టని యాప్‌ అని అర్థం. ఖాతా తెరుచుకోవడం కొద్ది రోజుల పని. దానికోసం నెలల తరబడి నడిచే అప్పు తలకెత్తుకోవడం ఏమిటి? క్రెడిట్‌ కార్డుతో ఏటీఎంలో నగదు తీసినా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

5వ తేదీ గండం దాటడానికి మీ శ్రీమతి ఖాతాలోని రూ.25 వేలు చాలు. 4వ తేదీలోపే రుణ సంస్థ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో మీ లోన్‌ నంబరు కొట్టి, ఆమె ఖాతా నుంచి రూ.18,400 కట్టేయండి. రసీదు దాచి, 'ఈ నెల ఈఎంఐ చెల్లించాను, ఆటో డెబిట్‌కు పంపవద్దు' అని మెయిల్‌ పెట్టండి. అలా చెప్పకపోతే 5న ఆటో డెబిట్‌ ఆదేశం యథావిధిగా వెళ్తుంది, ఖాతా మూసి ఉంది కాబట్టి వెనక్కి వస్తుంది. అప్పుడు మీ బ్యాంకు ఒక రుసుము, రుణ సంస్థ మరొకటి వేస్తాయి. 2025 జనవరి నుంచి క్రెడిట్‌ బ్యూరోలకు నెలలో ఒకటికి మించిసార్లు సమాచారం వెళ్తోంది కాబట్టి 'నెలాఖరుకు సర్దుదాం' అనే వెసులుబాటు కూడా పోయింది.

జీతం ఎక్కడికీ పోలేదు. జమ కాని నెఫ్ట్‌ పంపినవారి ఖాతాకే తిరిగి వెళ్తుంది. అంటే మీ డబ్బు కంపెనీ ఖాతాలో ఉంది. తిరిగొచ్చిన విషయం అకౌంట్స్‌ వాళ్లతో నిర్ధారించుకుని, 'నేను చెప్పేదాకా మళ్లీ పంపవద్దు' అని చెప్పండి. తొందరపడి పంపితే మళ్లీ అదే తిప్పలు.

ఇక బ్యాంకు దగ్గరికి. కౌంటర్‌లో కాగితాలు ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: 'ఇది డెబిట్‌ ఫ్రీజా, టోటల్‌ ఫ్రీజా? సిస్టమ్‌లో కారణం ఏమని ఉంది?' డెబిట్‌ ఫ్రీజ్‌లో చెల్లింపులే ఆగుతాయి, టోటల్‌ ఫ్రీజ్‌లో జమ కూడా ఆగుతుంది. కేవైసీ అని ఉంటే కాగితాలతో తీరుతుంది. సైబర్‌ ఫిర్యాదు వల్ల పోలీసులు పెట్టించిన హోల్డ్‌ అయితే ఎన్ని ఆధార్‌ జిరాక్సులు ఇచ్చినా కదలదు. రెండేళ్లుగా వాడని ఖాతా నిద్రాణస్థితిలోకి వెళ్లడం ఇంకో సంగతి. మీ ఖాతాలోకి నెలనెలా జీతం పడుతోంది కాబట్టి అది మీకు వర్తించదు.

కేవైసీని బ్యాంకు లెక్కలో రిస్కు తక్కువ ఉన్నవారికి 10 ఏళ్లకు, మధ్యస్థంగా ఉన్నవారికి 8 ఏళ్లకు, ఎక్కువ ఉన్నవారికి 2 ఏళ్లకోసారి తాజా చేయాలి. రిస్కు తక్కువ ఉన్నవారికి గడువు ముగిశాక ఏడాది వరకు, లేదా 2026 జూన్‌ 30 వరకు, ఏది తర్వాతైతే అప్పటి దాకా లావాదేవీలు సాగనివ్వాలని 2025 జూన్‌లో ఆర్‌బీఐ చెప్పింది. మీరు ఏ కోవలో ఉన్నారో అడగండి. తక్కువ రిస్కులో ఉండి ఆ గడువు ఇంకా మిగిలి ఉంటే, ఆ నిబంధనను ప్రస్తావిస్తూ మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

విజయవాడ శాఖకు వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లో ఏ శాఖలోనైనా అవుతుంది. ఒరిజినల్‌ ఆధార్‌, పాన్‌ పట్టుకెళ్లండి. పాన్‌ చిరునామాకు రుజువు కాదని గుర్తుంచుకోండి. ఆధార్‌లో ఇంకా విజయవాడ చిరునామాయే ఉంటే వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించుకుని, ఇప్పటి చిరునామాకు స్వీయ ధ్రువీకరణ ఇవ్వవచ్చు. యాప్‌లో 'ఏ మార్పూ లేదు' అని టిక్‌ పెట్టి పని ముగించే పొరపాటు మాత్రం చేయకండి. మీకు మార్పు ఉంది. బ్యాంకు ముందుగా పంపే ఉత్తరం పాత ఇంటికి పోవడమే చాలామంది గడువు తెలియక దెబ్బతినడానికి కారణం. ఎస్సెమ్మెస్‌ వచ్చినా మోసగాళ్లదేమోనని చెరిపేస్తారు. ఆ జాగ్రత్త మంచిదే. వాట్సప్‌లో 'కేవైసీ అప్‌డేట్‌' పేరుతో ఏపీకే ఫైల్‌ వస్తే ఇప్పుడూ తాకకండి. కానీ మెసేజ్‌ చెరిపేశాక మీ యాప్‌లోకి మీరే వెళ్లి గడువు చూసుకుని ఉండాల్సింది.

మనవాళ్లకు పని ఆగేది ఎక్కువగా ఇంటిపేరు దగ్గరే. బ్యాంకులో 'కె వి రమణ', పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక. సిస్టమ్‌కు వీళ్లు ముగ్గురు మనుషులు. కౌంటర్‌లో కాగితాలు తీసుకున్నా, వెనకాల తనిఖీలో తిరస్కరిస్తారు, మీకు కబురు రాదు. అందుకే అక్కడే మూడు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడమనండి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. జాయింట్‌ ఖాతా అయితే రెండో వ్యక్తి కేవైసీ కూడా చూడమనండి.

'అయిపోయింది' అన్నంత మాత్రాన జీతం పంపమనకండి. ముందు మీ శ్రీమతి ఖాతా నుంచి ఒక రూపాయి పంపించుకోండి, అది పడ్డాక ఒక రూపాయి తిరిగి పంపండి. జమకు, చెల్లింపుకు వేరువేరుగా ఆంక్షలు ఉంటాయి. ఒకటి తీసి రెండోది మరచిపోవడం మామూలే. రెండూ నడిచాకే అకౌంట్స్‌ వాళ్లకు ఫోన్‌ చేయండి. బ్యాంకు నానబెడితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోయినా, వాళ్ల జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

ఇప్పుడు అసలు తప్పు. అది మీ ఎఫ్‌డీ. కేవైసీ గడువు ఖాతాది కాదు, మీ కస్టమర్‌ ఐడీది. ఆ ఐడీ కింద ఉన్న సేవింగ్స్‌, ఎఫ్‌డీ ఒకే తాళం కింద ఉన్నట్టే. ఎఫ్‌డీ విరిచినా డబ్బు జమయ్యేది ఆ మూసిన ఖాతాలోనే. లక్షన్నర పెట్టుకుని 40 వేలకు యాప్‌ల వైపు చూడాల్సి వచ్చిందంటే అది అత్యవసర నిధి కాదు. జీతం పడే బ్యాంకులో అత్యవసర నిధి ఉండకూడదు. ఖాతా తెరుచుకున్న వారమే మీ ఇద్దరి పేరునా మరో బ్యాంకులో ఖాతా తెరవండి. 'ఎవరో ఒకరు' నడిపే పద్ధతిలోనే తెరవండి, దానికి యూపీఐ, డెబిట్‌ కార్డు పెట్టుకోండి. ఎఫ్‌డీ మొత్తం అక్కడికి మార్చి, నెల ఖర్చులు, ఈఎంఐ కలిపి కనీసం మూడు నెలలకు సరిపడేలా పెంచండి. మూడు నెలల మొత్తంలో ఒక నెలది సేవింగ్స్‌లోనే ఉంచండి, మిగతాది ఎఫ్‌డీ చేయండి. రెండు బ్యాంకుల కేవైసీ గడువులూ ఫోన్‌ క్యాలెండర్‌లో మూడు నెలల ముందే గుర్తుచేసేలా రాసిపెట్టుకోండి.

టర్మ్‌, ఆరోగ్య బీమా ప్రీమియాలు ఈ ఖాతా నుంచే ఆటో డెబిట్‌లో ఉన్నాయేమో ఈ రోజే చూడండి. నెలవారీ ప్రీమియానికి అదనపు గడువు 15 రోజులే, ఏడాదికోసారి కట్టేవాటికి 30 రోజులు. ఏదైనా ఈ మధ్యలో పడుతుంటే, ఈఎంఐ కట్టాక మీ శ్రీమతి ఖాతాలో మిగిలే రూ.6,600 లోంచి ముందు దానికే కట్టండి.