తాతయ్య ట్రంకు పెట్టెలో దొరికిన జాబితా వీలునామా అవుతుందా?

ప్రశ్న: లాయరు గారూ, నమస్కారం. చిక్కడపల్లిలో మా అమ్మ వాళ్ల నాన్న ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద తాతయ్య ఇనప ట్రంకు పెట్టె దొరికింది. మూత లోపలి వైపు ఆయన చేత్తో రాసిన జాబితా అంటించి ఉంది. సిరా బాగా వెలిసిపోయింది. 14 వస్తువుల పేర్లు, కింద 2004 తేదీ, తాతయ్య సంతకం, పక్కింటాయన సంతకం ఉన్నాయి. ఆరో వస్తువు పక్కన ‘రెండు పేటల గొలుసు – చిన్నదాని కూతురికి’ అని ఉంది. ఆ కూతుర్ని నేనే. తాతయ్య 2013లో పోయారు, అమ్మమ్మ అంతకు ముందే పోయింది. ఇది వీలునామాయే అంటుంది అమ్మ. మావయ్యలిద్దరూ ఒప్పుకోవడం లేదు. జాబితాలో ఉన్న వెండి కంచం పెట్టెలో లేదు. గొలుసు నాదేనా?

జవాబు: అమ్మా, ఆ ఒక్క మాట రాసేటప్పుడు తాతయ్య మనసులో మీరున్నారు. అందులో సందేహం లేదు. కానీ ఇప్పుడున్న రూపంలో ఆ కాగితం వీలునామా కాదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. అయితే 1925 నాటి భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 ప్రకారం రాసినాయన సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఆయన సంతకం చేయడం ఆ ఇద్దరూ చూసి ఉండాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన వాళ్లతో చెప్పి ఉండాలి. మీ కాగితంలో సాక్షి ఒక్కరే. పైగా ‘నా తదనంతరం’ లాంటి మాట ఎక్కడా లేదు. ‘కూతురికి’ అంటే తన తర్వాత ఇవ్వమనా, పెళ్లికి పెడదామనుకున్నారా, లేక మీ కోసం దాచిన వస్తువని గుర్తుగా రాసుకున్నారా? కోర్టులో మొదట అడిగేది ఇదే.

పోనీ, బహుమతి అందామా? బంగారంలాంటి చరాస్తిని బహుమతిగా ఇవ్వాలంటే రిజిస్టరు చేసిన పత్రమైనా ఉండాలి, వస్తువునైనా చేతికి అందించాలి. ఇది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123. ఆయన బతికుండగా గొలుసు మీ చేతికి గానీ, మీ తరఫున అమ్మ చేతికి గానీ ఇచ్చి, తర్వాత భద్రంగా ఉంటుందని మళ్లీ పెట్టెలో పెట్టి ఉంటే సంగతి వేరు. అమ్మను నిదానంగా గుర్తు చేసుకోమనండి. అలా జరగకపోతే బహుమతి పూర్తి కానట్టే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ప్రశ్న ఇంకొకటుంది: ఆ గొలుసు అసలు ఎవరిది? అది అమ్మమ్మకు పుట్టింటివాళ్లు పెట్టినదైతే తాతయ్యకు దాని మీద పూర్తి హక్కు లేదు. ఆమె వీలునామా రాయకుండా పోయి ఉంటే భర్తకూ ముగ్గురు పిల్లలకూ తలా నాలుగో వంతు వస్తుంది. అప్పుడు తాతయ్య సరైన వీలునామా రాసినా ఆ నాలుగో వంతు వరకే చెల్లేది. పాత పెళ్లి ఫొటోల్లో అమ్మమ్మ మెడలో ఆ గొలుసు ఉందేమో చూడండి.

వీలునామా లేదనుకుంటే గొలుసు ఎవరిదైనా లెక్క చివరికి ఒకచోటికే వస్తుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మకు, ఇద్దరు మావయ్యలకు తలా మూడో వంతు. అమ్మ బతికుండగా మనవరాలిగా మీకు నేరుగా వాటా రాదు.

అయినా ఆ కాగితాన్ని ఊడదీయొద్దు, లామినేషన్ చేయించొద్దు, వెలిసిన అక్షరాల మీద పెన్నుతో దిద్దొద్దు. ఒక క్లయింటు ఇంట్లో మంచి ఉద్దేశంతోనే అక్షరాలు దిద్దారు, ఆ తర్వాత అసలు రాత ఏదో తేల్చలేకపోయాం. కిటికీ దగ్గర వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి ఫొటోలు తీయండి. ముఖ్యంగా అడుగు అంచు చూడండి. అక్కడ వెలిసిపోయిన రెండో సంతకం కనిపిస్తే, పైన రాసినదంతా పక్కన పెట్టి కాగితంతో సహా నేరుగా ఒక న్యాయవాదిని కలవండి. పక్కింటాయన ఉంటే ఆయన్ను కూడా ఇప్పుడే కలవండి, ఆ రోజు ఇంకెవరున్నారో ఆయనకే తెలుస్తుంది.

కంచం విషయంలో ఎవర్నీ అనుమానించకండి. 2004లో ఆ వస్తువు పెట్టెలో ఉందని ఆయన రాసుకున్నట్టు మాత్రమే జాబితా చెబుతుంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయన బతికే ఉన్నారు. అమ్మి ఉండవచ్చు, ఎవరికైనా ఇచ్చి ఉండవచ్చు.

నేనైతే ముగ్గుర్నీ ఒకే రోజు పెట్టె ముందు కూర్చోబెడతాను. ఉన్నవాటితో కొత్త జాబితా రాయించి, బంగారం తూకం వేయించి, ముగ్గురి చేతా సంతకాలు పెట్టిస్తాను. ఆ తర్వాత ఆ ఆరో వరుసను మావయ్యలకు చదివి వినిపించండి. వాళ్లు ఒప్పుకుంటే ముగ్గురూ కలిసి గొలుసు మీ చేతిలో పెడితే చాలు, ఆ క్షణంలో బహుమతి పూర్తవుతుంది. ‘మా వాటాలు ఇచ్చేశాం’ అని తెల్ల కాగితం మీద రెండు వాక్యాలు రాయించుకోండి. అమ్మ, మేనమామలు ఇచ్చే బహుమతికి ఆదాయపు పన్ను కూడా ఉండదు.