తాడుతో వాలుగా లాగితే N ఎందుకు తగ్గుతుంది?

"నేల మీద ఉన్న బ్లాక్‌ని నేల పైకి తోసే బలం, అంటే అభిలంబ బలం N = mg అని చదివాం. తాడుతో T బలంతో, నేలకు θ కోణంలో వాలుగా పైకి లాగే లెక్కలో మాత్రం సార్ N = mg − T sin θ అని రాశారు. బ్లాక్ బరువు తగ్గలేదు కదా, N ఎలా తగ్గింది?"

బరువు తగ్గలేదు, నిజమే. భూమి ఎప్పటిలాగే mg తో కిందికి లాగుతోంది. తగ్గింది నేల మోయాల్సిన భారం. తాడు పైకి వాలి ఉంది కాబట్టి కొంత అది మోస్తోంది, మిగిలింది నేల మీద పడుతోంది. బ్లాక్ నేలలోకి దిగిపోకుండా ఆపడానికి ఎంత కావాలో నేల అంతే పైకి తోస్తుంది, అంతకు మించి కాదు. కాబట్టి N విలువ ముందే రాసేది కాదు. నిలువుగా ఉన్న మిగతా బలాలన్నీ రాశాక తేలేది.

నేను ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఈ లెక్క మొదలుపెట్టగానే సగం మంది చెయ్యి దానంతట అదే N = mg అని రాసేస్తుంది. వాళ్లకి నేనిచ్చే అంకెలివి. బ్లాక్ 20 kg, g = 10 అనుకుంటే బరువు 200 N. తాడు నేలతో 30° కోణంలో ఉంది, లాగే బలం 100 N, స్థైతిక ఘర్షణ గుణకం 0.5. బ్లాక్ కదులుతుందా?

తాడు బలంలో ముందుకు లాగే భాగం 100 cos 30°, అంటే సుమారు 87 N. పైకి లాగే భాగం 100 sin 30°, అంటే 50 N. N = 200 అని వేసుకున్నవాళ్లకి గరిష్ఠ ఘర్షణ 100 N వస్తుంది, బ్లాక్ కదలదంటారు. అసలు N = 200 − 50 = 150. ఘర్షణ 75 N దాటలేదు. 87 N ముందు అది ఆగదు, బ్లాక్ కదులుతుంది. ఇక్కడ తప్పేది అంకె ఒక్కటే కాదు, జవాబే తిరగబడుతుంది.

అదే 100 N తో, అదే 30° కోణంలో, వెనక నుంచి కిందికి వాలుగా నెట్టండి. ఈసారి ఆ 50 N నేల మీద అదనంగా పడుతుంది. N = 250, ఘర్షణ 125 N దాకా పెరగగలదు. ముందుకు నెట్టేది మాత్రం 87 N మాత్రమే. బ్లాక్ అంగుళం కూడా జరగదు.

నమ్మకం కుదరకపోతే బరువు చూసే మిషన్ ఎక్కి, పక్కనున్న బల్లను అరచేత్తో కిందికి నొక్కండి. ముల్లు వెనక్కి వస్తుంది. మీరేమీ చిక్కిపోలేదు, మిషన్ చూపించేది మీ పాదాల కింద ఉన్న N ని.

ఈ సూత్రానికి ఒక హద్దుంది. పై లెక్కలో T ని 400 N చేస్తే T sin 30° = 200, N సున్నా అవుతుంది. బ్లాక్ నేలను తాకుతున్నట్టే ఉంటుంది కానీ నేల దాన్ని మోయదు, ఘర్షణా ఉండదు. T ఇంకా పెంచితే సూత్రం N కి రుణ విలువ ఇస్తుంది. నేల పైకి తోయగలదే గానీ కిందికి లాగలేదు కాబట్టి, ఆ మైనస్ గుర్తుకి అర్థం బ్లాక్ గాల్లోకి లేచిందని. అక్కడి నుంచి N = 0 పెట్టి, పైకి త్వరణం ఎంతో కట్టాలి.