క్లాసు టైము మెసేజ్‌ల గురించి తల్లిదండ్రులకు ఇచ్చే చీటీలో ఏం రాయాలి?

ప్రశ్న: "మాది చిన్న ట్యూషన్ సెంటర్. ఇకనుంచి క్లాసు టైము మారితే పేరెంట్స్ ఫోన్‌కి ఆటోమేటిక్‌గా ఎస్సెమ్మెస్ వెళ్లేలా పెట్టించాం. ఈ సంగతి వాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఏం రాయాలి, ఏం వదిలేయాలి?"

నరసరావుపేటలో ఆరు నుంచి పదో తరగతి దాకా సాయంత్రం బ్యాచ్‌లు నడుపుతున్నాను. మా దగ్గరా ఇదే ఏర్పాటు ఉంది. మేం పంచిన చీటీ ముందు పెడతాను. ఏ వాక్యం ఎందుకుందో ఆ తర్వాత చెప్తాను.

"తల్లిదండ్రులకు,

వచ్చే సోమవారం నుంచి క్లాసు టైము మారినా, క్లాసు లేకపోయినా ముందురోజు రాత్రి 8 గంటలకు మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. పంపినవారి చోట మా ఫోన్ నంబరు ఉండదు, మధ్యలో ______ అనే ఆరు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. మెసేజ్ ఇలా ఉంటుంది:

10వ తరగతి లెక్కలు: 14 శనివారం సా.7 నుంచి 8.30 వరకు.

మెసేజ్ రాకపోతే ఎప్పటి టైమే. పిల్లలు క్లాసుకి వచ్చారా లేదా అన్నది ఈ మెసేజ్ చెప్పదు. దానికి జవాబు పంపినా మాకు చేరదు, ఏమన్నా అడగాలంటే సెంటర్‌కి ఫోన్ చేయండి. పిల్లల్ని ముందుగా పంపాల్సి వస్తే మీతో ఫోన్‌లో మాట్లాడాకే పంపుతాం. ఫీజు కట్టమనో, లింకు నొక్కమనో ఈ పేరుతో ఎప్పుడూ మెసేజ్ రాదు.

ఈ శనివారం రాత్రి 8కి సోమవారం టైముతో మొదటి మెసేజ్ పంపుతున్నాం. రాకపోతే తప్పకుండా చెప్పండి. కింది భాగం నింపి పిల్లల చేత పంపించండి.

విద్యార్థి పేరు, తరగతి:
మెసేజ్ రావాల్సిన నంబరు:
సాయంత్రం ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది:"

అంతే. ఇందులో అన్నిటికన్నా ముఖ్యం మెసేజ్ నమూనా. "మీకు సమాచారం అందుతుంది" అని ఎంత చక్కగా రాసినా, అది వచ్చిన రోజు ఎవరూ గుర్తుపట్టరు. ఎందుకంటే అది మీ నంబరు నుంచి రాదు. సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో నమోదైన పేరుతో వస్తాయి, దాన్నే హెడర్ అంటారు. ఫోన్‌లో కనిపించేది VM-ABCDEF-S లాంటిది. మొదటి రెండు అక్షరాలు మెసేజ్‌ని పంపే నెట్‌వర్క్‌ని, ప్రాంతాన్ని బట్టి మారిపోతాయి. చివరి S అంటే సర్వీసు మెసేజ్ అని, 2025 సవరణతో వచ్చిన గుర్తు అది. ప్రచారానికైతే అక్కడ P ఉంటుంది. మనది అని చెప్పగలిగేది మధ్యలో ఉన్న ఆరే. అందుకే చీటీలో ఆ ఆరక్షరాలే రాయాలి. మొత్తం పేరు రాశారనుకోండి, వేరే సిమ్ ఉన్న తండ్రికి ముందు రెండక్షరాలు వేరేగా కనిపించొచ్చు. "సార్, ఇది మీదేనా, దొంగ మెసేజా?" అని అడుగుతాడు. అడగడమే మంచిది లెండి, చాలామంది అడక్కుండా డిలీట్ చేస్తారు.

నమూనా ఎంత పొట్టిగా ఉందో చూశారుగా, దానికీ కారణం ఉంది. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అది దాటితే రెండు మెసేజ్‌ల కింద లెక్క, డబ్బులూ రెండింటికి. పైగా గుణింతం గుర్తు, వత్తు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'లెక్కలు' కంటికి మూడక్షరాలే కానీ లెక్కలో ఏడు. పైన పెట్టిన నమూనా మొత్తం, ఖాళీలతో సహా, 51. మిగిలిన 19లో సెంటర్ పేరు పట్టేలా చూసుకోవాలి. మావాళ్లు మొదట రాసిచ్చిన మూసలో ముందు "గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం" అని ఉండేది. లెక్కపెడితే ఆ పలకరింపే సరిగ్గా 35, అంటే సగం మెసేజ్. నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి వరుసే కాబట్టి అక్కడ నమస్కారం ఉంటే అసలు సంగతి కనపడదు. మర్యాదంతా చీటీలో చూపించండి, మెసేజ్‌లో తరగతి ముందు రావాలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండు మెసేజ్‌లు వస్తే ఏది ఎవరిదో ఆ మొదటి మాటే చెప్తుంది.

'రేపు' అని మాత్రం మూసలో పెట్టకండి. ఫోన్ ఆఫ్‌లో ఉంటే మెసేజ్ మర్నాడు పొద్దున చేరుతుంది, అప్పుడు ఆ 'రేపు' ఎల్లుండి అయిపోతుంది. తేదీ, వారం రెండూ ఉండాలి.

మూస అన్నాను కదా, చీటీ రాసేముందు డీఎల్‌టీలో మీకు ఆమోదం వచ్చిన మూసలు ఏవేవో దగ్గర పెట్టుకోండి. తేదీ, టైము లాంటి చోట్ల మాత్రమే మార్చుకునే వీలుంటుంది, మిగతా మాటలు ఆమోదించినవి ఆమోదించినట్టే ఉండాలి. ఒక్క మాట తేడా వచ్చినా మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. "నుంచి, వరకు" ఉన్న మూసతో "క్లాసు లేదు" అని చెప్పలేం, దానికి వేరే మూస కావాలి. మా దగ్గర ఉన్నవి టైము మార్పు, సెలవు, ఈ రెండే. కాబట్టి చీటీలో మాటిచ్చిందీ ఆ రెండింటికే. పరీక్ష మార్కులు, హోంవర్కు అన్నీ వస్తాయని ఉత్సాహంగా రాసేశారంటే తర్వాత వాళ్లు అడుగుతూనే ఉంటారు. "కొత్త బ్యాచ్‌లు మొదలు, త్వరపడండి" అన్న ముక్కని ఇందులో ఇరికించే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. అది ప్రచారం కిందికి వస్తుంది, ప్రచార మెసేజ్‌లు వద్దని డీఎన్‌డీ పెట్టుకున్న ఫోన్లకి వెళ్లదు.

ఇక "పిల్లలు వచ్చారా లేదా అన్నది చెప్పదు" అన్న వాక్యం. చీటీలో 'ఆటోమేటిక్' అన్న మాట వాడకపోవడానికీ కారణం ఇదే. ఏర్పాటు గురించి నోటిమాటగా చెప్పినప్పుడు ఒక తొమ్మిదో తరగతి పాప వాళ్లమ్మ అంది, "హమ్మయ్య సార్, ఇక పాప సెంటర్‌కి చేరగానే నాకు తెలిసిపోతుందన్నమాట." ఆవిడ తప్పేం లేదు. పెద్ద స్కూళ్లలో కార్డు గీకగానే మెసేజ్ వెళ్లే ఏర్పాట్లున్నాయి, ఇదీ అదే అనుకుంది. కానీ మన దగ్గర జరిగేది వేరు. ఆఫీసులో ఎవరో ఒకరు కంప్యూటర్‌లో టైమ్‌టేబుల్ మారిస్తే, రాత్రి 8కి ఆ బ్యాచ్ వాళ్లందరికీ వెళ్తుంది. పాప దారిలో ఉందా, క్లాసులో ఉందా అన్నది దానికి తెలియదు. అలాంటి నమ్మకంతో ఒక తల్లి నిశ్చింతగా కూర్చుంటే రేపు ఏదన్నా జరిగినప్పుడు సమాధానం చెప్పాల్సింది మనమే.

"మెసేజ్ రాకపోతే ఎప్పటి టైమే" అన్నది రాయకపోతే ప్రతి సాయంత్రం ఫోన్లే ఫోన్లు. రాస్తే బాధ్యత మన మీద పడుతుంది, ఎందుకంటే మెసేజ్ పంపినంత మాత్రాన చేరినట్టు కాదు. పంపాక, మెసేజ్‌లు పంపే వెబ్‌సైట్ ప్యానెల్లో రిపోర్టు తెరిచి చూడండి. Delivered అని ఉంటే ఫోన్‌కి చేరింది. Failed అని ఉన్నా, అరగంట గడిచినా Submitted దగ్గరే ఆగి ఉన్నా, ఆ ఇళ్లకి మనిషి ఫోన్ చేయాల్సిందే. మా ఆఫీసమ్మాయి రాత్రి ఎనిమిదిన్నరకి చేసే పని ఇదే. ఇది చేసే మనిషి లేకపోతే ఆ వాక్యం చీటీలో రాయకండి, మీ లెక్క వేరే చూసుకోండి. Delivered అని ఉన్నా చదివినట్టు కాదన్నది కూడా గుర్తుండాలి. అందుకే వాన వచ్చో, సారుకి ఒంట్లో బాగోకో క్లాసు మధ్యలో వదిలేయాల్సి వస్తే మేం మెసేజ్‌ని నమ్ముకోం. ఎనిమిదిన్నరకి తీసుకెళ్లడానికి వచ్చే నాన్నకి ఏడున్నరకి మెసేజ్ పెట్టి పిల్లని గేటు దాటించలేం కదా.

శనివారం పంపే మొదటి మెసేజ్‌ని కొందరు "టెస్ట్ మెసేజ్" అని పంపాలనుకుంటారు. ఆ మాటకీ ఆమోదం ఉండాలి, లేకపోతే వెళ్లదు. మామూలు మూసలోనే మామూలు టైము పెట్టి పంపితే సరిపోతుంది. తప్పు నంబర్లు, మారిన సిమ్‌లు, తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు కనిపించే పాత కీప్యాడ్ ఫోన్లు అన్నీ ఆ ఒక్కదాంతో బయటపడతాయి. డబ్బాలొచ్చే ఇళ్లకి వేరే జాబితా పెట్టుకుని ఫోన్ చేయడమే మాకు తేలికనిపించింది.

కింది భాగంలో మూడో గీతని తీసేయకండి. అడ్మిషన్ ఫారంలో అందరూ నాన్న నంబరే రాస్తారు. ఆ నాన్నేమో రాత్రి దాకా కొట్లోనో, లారీ మీదనో ఉంటాడు, పిల్లల్ని తీసుకెళ్లేది అమ్మో తాతయ్యో. మెసేజ్ వెళ్లాల్సింది సాయంత్రం ఇంట్లో ఉండే ఫోన్‌కి. రెండు నంబర్లు రాస్తే రెండింటికీ పంపండి.

వాట్సాప్ గ్రూపు ఉంటే అందులోనూ ఇదే చీటీ పెట్టండి, కానీ కాగితం మానకండి. గ్రూపులో పెట్టింది గుడ్‌మార్నింగ్‌ల కింద పడిపోతుంది, నంబరు నింపి తిరిగొచ్చేది కాగితమే. బ్రాడ్‌కాస్ట్ లిస్టు మీద ఆధారపడితే మీ నంబరు సేవ్ చేసుకోని వాళ్లకి అసలు చేరదు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనప్పుడు మాత్రం ఈ మెసేజ్‌లతో నెట్టుకురావాలని చూడకండి. అప్పుడు ఒక్క క్లాసు కాదు, అన్ని బ్యాచ్‌ల టైములూ ఒకేసారి కదులుతాయి. ఆ వారం కొత్త టైమ్‌టేబుల్ కాగితం మీద అచ్చువేసి ఇవ్వండి. ఆ తర్వాత వచ్చే మార్పులు మామూలుగా ఫోన్‌కి వెళ్తాయి.