అప్రైజల్‌లో నిజంగా పెరిగిందెంత?

"2014 ఏప్రిల్‌లో నా జీతం 30,000, 2024 ఏప్రిల్‌లో 78,000. ప్రతి అప్రైజల్ శాతంలోంచి ద్రవ్యోల్బణం తీసేసి అన్నీ కూడితే 50 శాతమే వస్తోంది. లెక్క కరెక్టేనా?"

కాదండీ. పెంపు ఏటా పాత పెంపు మీదే పడుతుంది కాబట్టి శాతాలను కూడకూడదు, తీసేయకూడదు. భాగించాలి.

వినియోగదారుల ధరల సూచీ (2012 బేస్) అప్పుడు సుమారు 115, 2024 ఏప్రిల్‌లో సుమారు 187. అంటే ధరలు 1.63 రెట్లు. 2014 నాటి 30,000 2024 నాటి 48,800తో సమానం. 78,000ను దానితో భాగిస్తే 1.6, అంటే అసలు పెరుగుదల 60 శాతం. ఏడాదికి 4.8 శాతం దాకా. పైకి కనిపించేది మాత్రం 10!

ఏడాదివారీగా చూడాలన్నా ఇదే పద్ధతి. 2020-21లో సగటు ద్రవ్యోల్బణం 6.2 శాతం. ఆ ఏడు 5 శాతం పెంచి ఉంటే 1.05ను 1.062తో భాగించండి, 0.989 వస్తుంది. లెటర్‌లో పెంపు, చేతిలో ఒక శాతం కోత.

రెండు ఏళ్ల సూచీలూ ఒకే బేస్ సిరీస్‌వి వాడండి. జీతంలోనూ ఒక ఏడాదికి సీటీసీని, ఇంకో ఏడాదికి చేతికొచ్చేదాన్ని పెట్టకండి.