వద్దని రాయి, జనవరిలో పిలుస్తామని కూడా రాయి

అమ్మడూ, ఆశీస్సులు.

అడగకుండానే కొటేషన్ పంపిన ఆ అట్టపెట్టెల సప్లయర్‌కి ఏం రాయాలని నిన్న ఫోన్లో అడిగావు. జీడిమెట్లలో ఇరవై ఏళ్లకు పైగా పర్చేజ్ చూసినవాణ్ణి కదా, నా అనుభవం చెబుతాను.

"చూస్తాం, మేమే ఫోన్ చేస్తాం" అని మాత్రం రాయకు. మనకది మర్యాదగా వద్దనడం. సేల్స్ కుర్రాడికి మాత్రం సోమవారం మళ్లీ ఫోన్ చేయొచ్చని అర్థం. నేనూ ఒకతనితో అలాగే అన్నాను. వారం వారం ఫోన్లు. చివరికి మే నెల ఎండలో, బండి వెనక శాంపిల్ పెట్టెలు కట్టుకుని బాలానగర్ నుంచి మా గేటు దాకా వచ్చాడు. మజ్జిగ ఇప్పించి పంపాను గానీ తప్పు నాదే.

నిజమైన కారణమే చెప్పు. "మీ రేటు ఎక్కువ" అన్నావంటే గంటలో రెండు రూపాయలు తగ్గించి మళ్లీ పంపుతాడు, బేరం మొదలైపోతుంది. మీకు మార్చి 31 దాకా రేట్ కాంట్రాక్ట్ ఉందన్నావుగా, అదే రాయి. ఇప్పటి సప్లయర్ పేరు, రేటు బయటపెట్టకు.

నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. ఐదు పొరల పెట్టెలకు మీరు పంపిన కొటేషన్ చూశాను. మార్చి 31 వరకు మాకు రేట్ కాంట్రాక్ట్ ఉంది కాబట్టి ఇప్పుడు ఆర్డర్ ఇవ్వలేం. వచ్చే ఏడాదికి ఎంక్వయిరీలు జనవరి రెండో వారంలో పంపుతాం. మీకూ పంపాలంటే జీఎస్టీ సర్టిఫికెట్, పెట్టె బర్స్టింగ్ స్ట్రెంత్ టెస్ట్ రిపోర్ట్ ఈ మెయిల్‌కే పంపండి. ఎంక్వయిరీ వచ్చిందంటే ఆర్డర్ ఖాయమని కాదు. అప్పటిదాకా శాంపిల్స్, ఫోన్లు అవసరం లేదు."

ఆ టెస్ట్ రిపోర్ట్ ఊరికే అడగమనలేదు. కాగితం బరువు ఇన్ని జీఎస్ఎం అని కొటేషన్‌లో ఎవరైనా రాసుకోవచ్చు. అట్ట ఎంత ఒత్తిడికి పగిలిందో ల్యాబ్‌లో చూసిన రిపోర్ట్ ఉంటే కాస్త నమ్మొచ్చు. అడిగాక నెలైనా పంపలేదంటే, జనవరిలో అతన్ని పిలవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. శాంపిల్స్ వద్దన్నదీ ఊరికే కాదు. అవి తీసుకుంటే మొహమాటం మొదలవుతుంది, దాని వెంటే దీపావళి స్వీట్ బాక్సు కూడా వస్తుంది!

జనవరి అని రాశావు కాబట్టి క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకో, అతని మెయిల్ విడిగా ఒక ఫోల్డర్‌లో వేసుకో. ఆ బండి అబ్బాయి నంబర్ నేను ఎక్కడా రాసుకోలేదు. ఆ తర్వాత ఒక వానాకాలం మా సప్లయర్ గోడౌన్‌లోకి నీళ్లొచ్చి పెట్టెలు ఆగిపోయినప్పుడు, ఆ నంబర్ కోసం డైరీలన్నీ తిరగేశాను, దొరకలేదు.

మీకు ఎప్పటికీ పనికిరాని సరుకైతే మాత్రం జనవరి మాట ఎత్తకు. "మేం ఇది వాడం" అని రెండు ముక్కలు రాసేయ్.

ఆ రిపోర్ట్ వస్తే నాకూ ఒకసారి చూపించు.

మీ పెదనాన్న