కాంట్రా అంటే ఎందుకు ఒప్పుకోలేదు?

"సార్, మాది గుంటూరు, బీకాం ఫైనలియర్. అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూలో, ‘మనం సరుకు అమ్మే పార్టీ దగ్గరే మనం కొంటున్నాం కూడా. బాకీలు ఎలా సర్దుతావు?’ అన్నారు. కాంట్రా ఎంట్రీ అన్నాను. ఒప్పుకోలేదు. ఎందుకు?"

పుస్తకంలో చదివిన మాటే మీరు చెప్పారు. కానీ ట్యాలీలో కాంట్రా అంటే F4, అది నగదుకీ బ్యాంకుకీ మధ్య కదలికలకే. ఇక్కడ డబ్బు కదలడం లేదు కాబట్టి F7, అంటే జర్నల్ వేయాలి. వాళ్ళు వినాలనుకున్నది బహుశా అదే.

మనది అట్టపెట్టెల యూనిట్ అనుకోండి. ఒక ప్రింటింగ్ ప్రెస్ మన పెట్టెలు కొని 84,000 రూపాయలు బాకీ పడింది. అదే ప్రెస్ దగ్గర లేబుళ్ళు కొని మనం 59,000 బాకీ ఉన్నాం. రెండింటిలో చిన్నదే సర్దుబాటు మొత్తం. ప్రెస్ పేరున ఉన్న సప్లయర్ ఖాతాకు 59,000 డెబిట్, కస్టమర్ ఖాతాకు 59,000 క్రెడిట్. సప్లయర్ ఖాతా సున్నా అవుతుంది, కస్టమర్ ఖాతాలో 25,000 మిగులుతుంది. పొరపాటున తిరగేసి వేస్తే 1,18,000, 1,43,000 కనిపిస్తాయి. సర్దుబాటు తర్వాత బాకీ పెరిగిందంటే ఎంట్రీ తలకిందులైనట్టే.

నిల్వలు సరిపోయాక కూడా చాలామంది ఒకచోట జారతారు. ఎంట్రీలో Agst Ref ఎంచుకుని ఏ బిల్లుకు ఎంతో చూపించాలి. On Account అని వదిలేస్తే తీరిపోయిన బిల్లులు బాకీల రిపోర్టులో పాతబడుతూనే ఉంటాయి, వసూలు చేసే కుర్రాడు వెళ్ళి ప్రెస్ వాళ్ళను మళ్ళీ అడుగుతాడు.

జీఎస్టీకి ఈ సర్దుబాటుతో పని లేదు. అమ్మకం బిల్లులన్నీ పూర్తి విలువతోనే GSTR-1లోకి వెళ్తాయి, మిగిలిన 25,000 మాత్రమే అమ్మకం అన్నట్టు చూపకూడదు. కొనుగోలు బిల్లు మీద టీడీఎస్ పట్టాల్సి ఉంటే, బిల్లులో విడిగా చూపిన జీఎస్టీ వదిలి మిగతా పూర్తి విలువ మీదే లెక్కించాలి, సర్దగా మిగిలిన దాని మీద కాదు.

ఎంట్రీకి ముందు రెండు పనులున్నాయి. మొదట రెండు ఖాతాల పాన్ నంబర్లు చూడండి. పెట్టెలు కొన్నది తండ్రి సొంత ప్రెస్సూ, లేబుళ్ళు ఇచ్చింది కొడుకు పేరున ఉన్న ఫర్మూ అయితే బోర్డు ఒకటే అయినా చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు. ఒకరి బాకీని ఇంకొకరి దాంట్లో మనంతట మనం సర్దలేం. తర్వాత, ఏ బిల్లులకు ఎంత సర్దుతున్నామో రాసి పార్టీ నుంచి మెయిల్‌లోనైనా ఒప్పుదల తీసుకోండి. అది లేకపోతే వాళ్ళ పుస్తకంలో మన బాకీ 59,000 అలాగే ఉండి, ఏడాది చివర నిల్వల ధ్రువీకరణ అడిగినప్పుడు ఆడిటర్ దగ్గర తేడా బయటపడుతుంది.

తర్వాతి ఇంటర్వ్యూకి ముందు ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఈ రెండు ఖాతాలూ తెరిచి, నెల 1వ తేదీతో బిల్లులు, 2వ తేదీతో జర్నల్ వేసి, బాకీల రిపోర్టు తెరిచి చూడండి. అందులో 25,000 మాత్రమే మిగలాలి.