ట, త తేడా అచ్చులో ఎక్కడ కనిపిస్తుంది?

"టాటా, తాత అని రికార్డు చేసి Praat అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో చూశాను. మొదటి హల్లు తర్వాత వచ్చే 'ఆ'లో F3 రెండింట్లోనూ దాదాపు ఒకేలా ఉంది. చెవికి ఇంత స్పష్టంగా తెలిసే తేడా స్క్రీన్ మీద ఎందుకు కనబడదు?"

హల్లు తర్వాత కాదు, హల్లుకు ముందున్న అచ్చు చివర చూడండి. మీ రికార్డింగులోనే రెండో 'ట' ముందు ఉన్న 'ఆ'ని పెద్దది చేసి చూస్తే F3 అనే మూడో ఫార్మెంట్, అంటే నోటి ఆకారాన్ని బట్టి బలంగా మోగే మూడో పౌనఃపున్యం, కిందికి వంగుతూ కనిపిస్తుంది. 'తాత'లో అలా వంగదు.

నేనూ మొదట్లో ఇదే పొరపాటు చేశాను. పరకాల దగ్గర మా ఊళ్లో బాపమ్మ చేత 'మాట', 'మాత' పదేసి సార్లు చెప్పించి, హల్లు తర్వాతి అచ్చునే కొలుస్తూ రెండు రోజులు కూర్చున్నాను. అక్కడ తేడా వంద హెర్ట్జ్ కూడా లేదు. తర్వాత ముందున్న 'ఆ' వైపు తిరిగాను. అచ్చు మధ్యలో F3 సుమారు 2700 హెర్ట్జ్ ఉంది. 'త' ముందు దాదాపు అక్కడే నిలిచింది. 'ట' ముందు మాత్రం చివరి 50 మిల్లీసెకన్లలో 2150 దాకా జారి, F2కి దగ్గరైంది.

కారణం నాలుక కదలికలో ఉంది. 'ఆట' అని చాలా మెల్లగా అని చూడండి. నాలుక కొస వెనక్కి మడిచి, చిగురు గట్టు దాటి అంగిలికి తగులుతుంది. నాలుక కింద కొంచెం ఖాళీ ఏర్పడి ముందరి గది పెద్దదవుతుంది, అందుకే F3 దిగుతుంది. కానీ గాలి ఆగి ఉన్న ఆ కొద్ది క్షణంలోనే నాలుక కొస ముందుకు జారుతుంది. వదిలేసరికి గట్టు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే తర్వాతి అచ్చులో 'త'కీ 'ట'కీ దూరం తగ్గిపోతుంది.

'మాట'లో 'ట' పేలక ముందే కత్తిరించి, మిగిలిన 'మా' ముక్కను బాపమ్మకు వినిపించాను. "మాట అన్నవు గదా బిడ్డా, కొస మింగినవ్" అంది. ఆ ముక్కలో 'ట' పేలుడు లేనే లేదు, దాని ఆనవాలుగా వంగిన F3 మాత్రమే ఉంది. మూల ద్రావిడంలో ట, డ లతో మాటలు మొదలయ్యేవి కావు. ముందు అచ్చు లేకపోతే చెవికి ఈ ఆనవాలు దొరకదు కాబట్టే అలా అని చాలామంది అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. F2, F3 దగ్గరైన చోట Praat ఫార్మెంట్లకు వేసే ఎర్ర చుక్కలు రెండింటినీ ఒకటిగా చూపి, F4ని F3 అనుకుంటాయి. అప్పుడు F3 దిగాల్సింది పోయి ఒక్కసారిగా పైకి ఎగిరినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట చుక్కల్ని నమ్మకుండా స్పెక్ట్రోగ్రామ్‌లో నల్లటి చారనే చూడండి. Praatలో ఫార్మెంట్ల పై హద్దు ఆడవాళ్ల గొంతుకు 5500 హెర్ట్జ్, మగవాళ్లకు 5000 పెట్టండి.

'ఈత', 'ఈటె' లాంటి జంటతో మొదలుపెట్టకండి. 'ఈ' పలికేటప్పుడు నాలుక ముందుకూ పైకీ లేచి ఉంటుంది కాబట్టి వెనక్కి అంతగా మడవలేదు, వంపు చిన్నదవుతుంది. 'పాట', 'పాత' తీసుకోండి, ఫ్యాన్ ఆపి రికార్డు చేయండి.